హరకత్‌లు లేని అరబీ పాఠానికి చేత్తో షద్దా, సుకూన్, తన్వీన్ పెట్టేటప్పుడు దేనిని ముందు పెట్టాలి?

శివాజీనగర్_కూర్పరి

అందరికీ నమస్కారం. నేను బెంగళూరు శివాజీనగర్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేస్తున్నాను. పిల్లల అరబీ వాచకం ఒకటి పేజీలు కట్టడానికి మా దగ్గరికి వచ్చింది. ఫైలులో అక్షరాలు మాత్రమే ఉన్నాయి, హరకత్‌లు ఒక్కటీ లేవు. వాటిని మేమే పెట్టి ఇస్తే తాము ఒకసారి సరిచూస్తామని ఇచ్చినవారు అన్నారు. చిన్నప్పుడు కర్నూలులో మక్తబ్‌కు వెళ్లినందువల్ల నేను అరబీ చదవగలను కానీ వ్యాకరణం పెద్దగా రాదు. జబర్, జేర్, పేష్‌ల విషయంలో ఎలాగో నెట్టుకొస్తున్నాను. షద్దా ఎక్కడ పెట్టాలో, సుకూన్ ఎక్కడ పెట్టాలో, తన్వీన్ ఎప్పుడు రాకూడదో మాత్రం తేలడం లేదు. మొదటి పాఠంలోని రెండు వాక్యాలు ఇవి:

```
قالت البنت إن المعلم علم الأولاد درسا جديدا ولم يمل أحد
وكانت على السبورة صورة شجرة
```

ఇచ్చినవారు చెప్పిన అర్థం ఇది: "ఉపాధ్యాయుడు పిల్లలకు కొత్త పాఠం నేర్పాడనీ, ఎవరికీ విసుగు రాలేదనీ ఆ అమ్మాయి చెప్పింది. నల్లబల్ల మీద ఒక చెట్టు బొమ్మ ఉంది." వీటికి గుర్తులు పెట్టేటప్పుడు ఏ క్రమంలో ఆలోచించాలో తెలిసినవారు వివరించగలరా?

రెండో_సెమిస్టర్

నేను ఇక్కడే ఒక కళాశాలలో అరబీ డిప్లొమా చదువుతున్నాను. మన లిపితో పోల్చుకుంటే ఇది సులభంగానే అర్థమవుతుందని నా అభిప్రాయం. షద్దా మన ద్విత్వం వంటిది, సుకూన్ పొల్లు వంటిది, తన్వీన్ పదం చివర పలికే నకారపొల్లు వంటిది. పదానికి ముందు "అల్" ఉంటే తన్వీన్ రాదు, లేకపోతే వస్తుంది. హంజా కింద ఉన్న అలిఫ్, దాని తరువాత నూన్ కనిపించినప్పుడు, వెనుక నామం వస్తే నూన్ మీద షద్దా, క్రియ వస్తే సుకూన్ పెట్టాలి. ఈ నియమాలతో నేను పెట్టి చూసిన రూపం ఇది:

```
قَالَتْ الْبِنْتُ إِنَّ الْمُعَلِّمَ عَلِمَ الْأَوْلَادَ دَرْسًا جَدِيدًا وَلَمْ يَمَلُّ أَحَدٌ
وَكَانَتْ عَلَى السَّبُّورَةِ صُورَةٌ شَجَرَةٌ
```

ఫ్రేజర్‌టౌన్_మాస్టారు

రెండో సెమిస్టర్ గారి ప్రయత్నంలో సగానికి పైగా సరిగానే ఉంది. అయితే అందులో నాలుగు చోట్ల తప్పు జరిగింది, ఆ నాలుగింటికీ మూలం ఒక్కటే. ఒక్కొక్క అక్షరాన్ని విడిగా చూస్తూ కుడి నుండి ఎడమకు గుర్తులు పెట్టుకుంటూ పోతే ఈ తప్పులు తప్పవు. ముందు వాక్యాన్ని అర్థం చేసుకోవాలి. తరువాత వాక్యమంతటిలో షద్దాలు, ఆపైన తన్వీన్‌లు పెట్టాలి. సుకూన్‌ను చిట్టచివరికి వదిలేయాలి. ఎందుకో ఈ రెండు వాక్యాల మీదనే చెబుతాను.

షద్దాను ముందుగా తేల్చుకోవాలని ఎందుకు అంటున్నానంటే, అది మారితే పదమే మారిపోతుంది. ఐన్, లామ్, మీమ్ అనే మూడక్షరాలు గుర్తులు లేకుండా ఉంటే "ఇల్మ్" కావచ్చు, "అలిమ" కావచ్చు, "అల్లమ" కావచ్చు, జెండా అనే అర్థంలో "అలమ్" కూడా కావచ్చు. వీటిలో ఏది కావాలో ఆ పదం చెప్పదు, దాని వెనుక వచ్చే పదాలు చెబుతాయి. ఇక్కడ క్రియ తరువాత రెండు కర్మలు ఉన్నాయి: పిల్లలు ఒకటి, పాఠం ఇంకొకటి. "తెలుసుకున్నాడు" అనే అలిమకు ఇక్కడ పిల్లలూ పాఠమూ జంటగా అతకవు. "ఒకరికి ఒకటి నేర్పాడు" అనే అల్లమకు ఆ రెండూ కావాలి. కాబట్టి లామ్ మీద షద్దా తప్పనిసరి.

"ఇన్న" మీద షద్దా పెట్టడం సరైనదే, కానీ దానికి చెప్పిన కారణం సగమే. "అన్నాడు, అన్నది" అనే ఖాల క్రియ తరువాత ఆ చెప్పిన మాటను మొదలుపెట్టేటప్పుడు హంజా కింద కస్రా, అంటే మీరు జేర్ అనేది, నూన్ మీద షద్దా వస్తాయి. హంజా అలిఫ్ పైన ఉన్నప్పుడు మాత్రం వెనుక ఏమున్నదో చూడాలి. నామమో సర్వనామమో ఉంటే "అన్న", వర్తమాన క్రియ ఉంటే చాలా వరకు "అన్". ఈ "చాలా వరకు" అన్న మాట కావాలనే వాడాను.

రెండో వాక్యంలోని నల్లబల్ల అనే పదానికి రెండు షద్దాలు ఉన్నాయి, అవి రెండూ వేరువేరు కారణాలతో వచ్చాయి. బా మీది షద్దా పదంలో పుట్టినది, అది నిఘంటువులో దొరుకుతుంది. సీన్ మీది షద్దా "అల్" వల్ల వచ్చినది. సీన్ 14 సూర్యాక్షరాలలో ఒకటి కనుక లామ్ పలకదు, సీన్ ఒత్తి పలుకుతుంది. ఆ లామ్‌ను ఏ గుర్తూ లేకుండా వదిలేయాలి. "అల్ బిన్త్" అన్నప్పుడు బా సూర్యాక్షరం కాదు, అందువల్ల లామ్ మీద సుకూన్ వస్తుంది.

ఇక తన్వీన్. "అల్ లేకపోతే తన్వీన్" అనే నియమం చెట్టు బొమ్మ దగ్గర విఫలమైంది. బొమ్మ అనే పదానికి అల్ లేదు, అయినా అది వెనుక వచ్చే చెట్టుతో సంబంధం పెట్టుకున్నది కనుక దాని మీద తన్వీన్ నిలవదు. చెట్టుకు మాత్రం తన్వీన్ వస్తుంది, అదీ కస్రా తన్వీన్. రెండు నామాలు పక్కపక్కన కనిపిస్తే, "చెట్టు యొక్క బొమ్మ" అన్నట్లు మధ్యలో "యొక్క" చేర్చి చూడండి. చేరితే మొదటిదానికి తన్వీన్ తీసేయాలి. పాఠం, కొత్త అనే రెండు పదాలు కూడా పక్కపక్కనే ఉన్నాయి, కానీ అక్కడ "యొక్క" చేరదు. రెండోది విశేషణం, కాబట్టి రెండింటికీ తన్వీన్ ఉంటుంది. వాటి చివర ఉన్న అలిఫ్ ఆ సంగతిని ముందే చెబుతున్నది.

సుకూన్‌ను చివరికి ఉంచమనడానికి కారణం, అది పక్క పదాన్ని బట్టి మారుతుంది. రెండు సుకూన్‌లు ఒకదాని వెంట ఒకటి పలకవు. రెండో వాక్యంలోని "కానత్" తరువాత "అలా" అనే పదం మొదటి అక్షరానికి ఫత్హా, అంటే జబర్, ఉన్నది కనుక తా మీద సుకూన్ నిలుస్తుంది. మొదటి వాక్యంలోని "ఖాలత్" తరువాత అల్ ఉన్నది, దాని అలిఫ్ కలిపి చదివేటప్పుడు పలకదు, లామ్ సుకూన్‌తో ఉన్నది. కాబట్టి తా మీది సుకూన్ పోయి కస్రా వస్తుంది: ఖాలతిల్ బిన్తు. ఇదే కారణంగా "మిన్" అల్ ముందు "మినల్" అవుతుంది, "గురించి" అనే అర్థమున్న "అన్" "అనిల్" అవుతుంది.

విసుగు చెందడం అనే క్రియలో కూడా ఇదే జరిగింది. "లమ్" వచ్చినప్పుడు క్రియ చివర సుకూన్ ఉండాలి. కానీ ఈ క్రియ చివర రెండు లామ్‌లు షద్దాతో ఒకటైపోయాయి, షద్దాలోని మొదటి లామ్ అప్పటికే సుకూన్‌తో ఉన్నది. దాని మీద ఇంకో సుకూన్ పెట్టలేము కనుక ఫత్హాతో గట్టెక్కిస్తారు: లమ్ యమల్ల. షద్దాను విప్పి "లమ్ యమ్‌లల్" అని రాసినా వ్యాకరణం ఒప్పుకుంటుంది, కానీ మీ ఫైలులో ఒకే లామ్ ఉన్నది కనుక ఆ దారి ఇక్కడ లేదు. దమ్మా, అంటే పేష్, మాత్రం ఏ విధంగానూ రాదు.

```
قَالَتِ الْبِنْتُ إِنَّ الْمُعَلِّمَ عَلَّمَ الْأَوْلَادَ دَرْسًا جَدِيدًا وَلَمْ يَمَلَّ أَحَدٌ
وَكَانَتْ عَلَى السَّبُّورَةِ صُورَةُ شَجَرَةٍ
```

ట్రిప్లికేన్_హాఫిజ్

అస్సలాము అలైకుమ్. చెన్నైలో పిల్లలకు నాజిరా చెబుతుంటాను. మాస్టారు గారు చెప్పినదంతా ముస్‌హఫ్‌కు సరిపోదని గుర్తు చేయదలిచాను. ముజ్జమ్మిల్ సూరా 20వ ఆయత్‌లో "అలిమ అన్ సయకూను" అని ఉన్నది. అక్కడ అన్ తరువాత క్రియ ఉన్నా ఆ క్రియ చివర ఫత్హా లేదు, దమ్మా ఉన్నది. ఆ వెంటనే వచ్చే రెండు పదాలను మదీనా ముద్రణలో ఇలా రాస్తారు:

```
مِنكُم مَّرْضَىٰ
```

ఇక్కడ నూన్ మీద సుకూన్ లేదు, మొదటి పదం చివరి మీమ్ మీద లేదు, రెండో పదం మొదటి మీమ్ మీద షద్దా ఉన్నది. కాబట్టి వాచకంలో కూడా ఇలాగే పెట్టడం మంచిది కదా? పిల్లలకు చిన్నప్పటి నుండే తజ్వీద్ అలవాటు అవుతుంది.

ఫ్రేజర్‌టౌన్_మాస్టారు

వఅలైకుముస్సలామ్. హాఫిజ్ గారు ఎత్తిన ఆయత్ బాగా పనికివచ్చేది. నేను "చాలా వరకు" అన్నది అందుకే. తెలియడం అనే అర్థమున్న క్రియ తరువాత వచ్చే ఈ "అన్" నిజానికి షద్దా ఉన్న "అన్న"కు తేలికైన రూపం. క్రియకు ముందు "స" ఉండటం దాని ఆనవాలు. అందువల్ల వెనుక ఉన్న క్రియ నస్బ్‌లోకి, అంటే చివర ఫత్హా వచ్చే స్థితిలోకి, వెళ్లలేదు.

రెండో మాటతో మాత్రం ఏకీభవించలేను. ముస్‌హఫ్‌లోని గుర్తులు ఉచ్చారణను కూడా నిర్దేశిస్తాయి. నూన్ దాగి పలుకుతుంది కనుక దాని మీద గుర్తు ఉండదు, మీమ్ తరువాతి మీమ్‌లో కలుస్తుంది కనుక అక్కడ షద్దా పడుతుంది. సాధారణ గద్యంలో ఇవేవీ రాయరు. అదే మాటను వాచకంలో రాయాలంటే నూన్ మీద, మొదటి మీమ్ మీద సుకూన్ పెట్టి, రెండో మీమ్ మీద ఫత్హా ఒక్కటే ఉంచుతాము:

```
مِنْكُمْ مَرْضَى
```

ఇంకొక చిక్కు కూడా ఉంది. మదీనా ముద్రణలో సుకూన్ గుండ్రంగా ఉండదు, చుక్క లేని ఖా తల ఆకారంలో ఉంటుంది. అక్కడ అలిఫ్, వావ్, యాల మీద కనిపించే చిన్న సున్నా ఆ అక్షరం పలకదని చెప్పే గుర్తు. వాచకాల ఫాంట్లలో అదే సున్నా సుకూన్. రెండు పద్ధతులను ఒకే పుస్తకంలో కలిపితే పిల్లవాడు దేనిని నమ్మాలి?

మదనపల్లె_వంశవృక్షం

మన్నించండి, నా సందేహం కూడా ఇదేనని అనుకుంటున్నాను. మా తాతల పేర్లతో వంశవృక్షం అరబీలో రాయించి బెంగళూరులో ఫ్రేమ్ కట్టించాలని ఉంది. ఫలానా బిన్ ఫలానా అని తొమ్మిది తరాలు ఉన్నాయి. రాసి ఇచ్చినవారు ప్రతి పేరు మీదా రెండేసి పేష్‌లు పెట్టారు. చూడటానికి నిండుగా ఉంది కానీ, మా మసీదులోని ఒక పెద్దాయన అది తప్పు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఫ్రేజర్‌టౌన్_మాస్టారు

వాచకం సంగతి కాకపోయినా, ఇది తన్వీన్‌కు సంబంధించినదే కనుక చెబుతాను. పెద్దాయన మాటే సరైనది. ఒక పేరుకూ తండ్రి పేరుకూ మధ్య "బిన్" విశేషణంగా నిలిచినప్పుడు మొదటి పేరు తన్వీన్ కోల్పోతుంది, బిన్‌కు ముందున్న అలిఫ్ కూడా రాతలో పోతుంది. "ముహమ్మద్ అలీ కుమారుడు" అని పూర్తి వాక్యంగా చెప్పదలిస్తే మాత్రం తన్వీన్ నిలుస్తుంది, అలిఫ్ తిరిగి వస్తుంది. మొదటి వరుస పేరు, రెండో వరుస వాక్యం:

```
مُحَمَّدُ بْنُ عَلِيٍّ
مُحَمَّدٌ ابْنُ عَلِيٍّ
```

మీ పటంలో పేర్లన్నీ గొలుసుగా ఉన్నాయి కనుక చివరి పేరుకు తప్ప దేనికీ తన్వీన్ ఉండదు. మొదటి పేరు తరువాత వచ్చేవన్నీ కస్రా స్థితిలో ఉంటాయి కనుక, రెండు పేష్‌లు మధ్యలో ఎక్కడా రావు. ఇంకొక సంగతి: అహ్మద్, ఇబ్రాహీమ్, ఇస్మాయీల్ వంటి పేర్లకు గొలుసులో ఉన్నా లేకపోయినా తన్వీన్ రాదు, కస్రాకు బదులు ఫత్హా వస్తుంది. వాచకంలో కూడా ఈ జాతి పదాలు తగులుతాయి. "మసీదులు" అనే బహువచనం "మసాజిదు" అటువంటిదే.

మదనపల్లె_వంశవృక్షం

ధన్యవాదాలు మాస్టారు. ఫ్రేమ్ ఇంకా కట్టించలేదు, బతికిపోయాము.

ఇందిరానగర్_యూనికోడ్

వ్యాకరణం నాకు రాదు, ఫైలు సంగతి మాత్రం చెప్పగలను. కూర్పరి గారు పని ముగించాక సరిచూడటానికి ఒక చిన్న వెతుకులాట పనికివస్తుంది. సుకూన్ సంకేతం U+0652. దాని వెంట ఖాళీ, ఆ వెంట అలిఫ్, లామ్ ఎక్కడ కనిపించినా అది మాస్టారు చెప్పిన "ఖాలత్" వంటి తప్పు అయ్యే అవకాశం ఉన్నది.

```
\u0652\s+\u0627\u0644
```

రెండో సెమిస్టర్ గారి వాక్యంలో ఇది మొదటి పదం దగ్గరే పట్టుకుంటుంది. అయితే హంజా పెట్టవలసిన చోట గుర్తు ఏదీ లేని వట్టి అలిఫ్ టైపు చేసి ఉంటే, ఉదాహరణకు "ఇలా" అనే పదంలో, అక్కడ కూడా ఇది అనవసరంగా ఆగుతుంది. కాబట్టి ఆగిన ప్రతి చోటా కంటితో చూసుకోవాలి, ఒకేసారి అన్నిటినీ మార్చేయకూడదు.

షద్దా విషయంలో ఒక హెచ్చరిక. మనం షద్దాను, U+0651ను, ముందు నొక్కి ఫత్హాను తరువాత నొక్కుతాము. ఫైలును యూనికోడ్ ప్రామాణిక క్రమమైన NFC రూపంలోకి మార్చే ప్రోగ్రాము ఏదైనా దారిలో తగిలితే ఆ రెండింటి క్రమం తిరగబడుతుంది. యూనికోడ్ ఫత్హాకు 30, షద్దాకు 33 అనే తరగతి సంఖ్యలు ఇచ్చింది కనుక చిన్న సంఖ్య ముందుకు వస్తుంది. తెర మీద తేడా కనిపించదు. కానీ "షద్దా, ఆ వెంట ఫత్హా" అని వెతికితే ఒక్కటీ దొరకదు, అప్పుడు షద్దాలే లేవని మనం పొరబడతాము. వెతికేటప్పుడు రెండు క్రమాలనూ వెతకండి.

శివాజీనగర్_కూర్పరి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన క్రమంలో మూడు పాఠాలు చేశాను. షద్దాలు ముందు పెట్టుకుంటే నిజంగానే సగం సుకూన్‌ల సంగతి దానంతట అదే తేలిపోతున్నది. రెండు సందేహాలు మిగిలాయి. "దర్సన్" వంటి పదాలలో రెండు జబర్‌లను సీన్ మీద పెట్టాలా, అలిఫ్ మీద పెట్టాలా? రెండూ అచ్చులో చూశాను. తా మర్బూతాతో ముగిసే పదాలకు అలిఫ్ చేర్చాలా?

ఫ్రేజర్‌టౌన్_మాస్టారు

రెండోదానికి జవాబు చిన్నది. తా మర్బూతా తరువాత అలిఫ్ చేర్చకూడదు, తన్వీన్ నేరుగా దాని మీదనే కూర్చుంటుంది. అలిఫ్ తరువాత వచ్చే చివరి హంజాకు కూడా అలిఫ్ చేర్చరు, అలిఫ్ మీదనే కూర్చున్న హంజాకూ చేర్చరు. సుకూన్ తరువాత విడిగా వచ్చే హంజాకు చేరుస్తారు. వరుసగా చెట్టు, ఆకాశం, తప్పు, భాగం అనే పదాలు చూడండి:

```
شَجَرَةً   سَمَاءً   خَطَأً   جُزْءًا
```

మొదటి ప్రశ్నకు నా మొగ్గు అలిఫ్‌కు ముందున్న అక్షరం వైపే. తన్వీన్ ధ్వని ఆ అక్షరానిది. అలిఫ్ అక్కడ ఆగినప్పుడు పలికే "ఆ" కోసం మాత్రమే ఉన్నది.

రెండో_సెమిస్టర్

మా తరగతిలో అలిఫ్ మీద పెట్టమనే నేర్పారు మాస్టారు. మాకు ఇచ్చిన అచ్చు పాఠాలలోనూ చాలా చోట్ల అలాగే ఉంది. అది తప్పు అని ఎలా అనగలము?

ఫ్రేజర్‌టౌన్_మాస్టారు

తప్పు అనడం లేదమ్మా. రెండు పద్ధతులూ విద్వాంసుల రాతలో ఉన్నాయి, ఈ వాదం ఈనాటిది కాదు. ముస్‌హఫ్ అలవాటు ఉన్న కంటికి ముందు అక్షరం మీద ఉంటే సుఖంగా ఉంటుందని నేను చెప్పేది. ఒక పుస్తకంలో ఒకటే పాటించాలన్నది మాత్రం గట్టిగా చెబుతాను.

ఇందిరానగర్_యూనికోడ్

ఒక ఫాంటు సమస్య కూడా ఉంది. లామ్, అలిఫ్ కలిసి ఒకే రూపం అయ్యే చోట తన్వీన్‌ను లామ్ మీద టైపు చేసినా, అది ఏ కొమ్మ మీద పడుతుందో ఫాంటు నిర్ణయిస్తుంది. "సహ్లన్" వంటి పదం ఒకటి టైపు చేసి, పెద్దగా చేసి చూడండి. అక్కడ కంటికి కనిపించేదాన్ని బట్టి తప్పు అని నిర్ణయించకుండా, ఫైలులో U+064B అలిఫ్‌కు ముందున్నదా వెనుక ఉన్నదా అని చూసుకోవాలి.

ట్రిప్లికేన్_హాఫిజ్

కూర్పరి గారు ఇంకొక సంగతి తేల్చుకోవాలి. మన దగ్గరి ముద్రణలలో సాగదీసే వావ్, యాల మీద కూడా జజ్మ్, అంటే సుకూన్ గుర్తు, ఉంటుంది. మక్తబ్ పిల్లలు ఆ గుర్తును చూసే సాగదీస్తారు. మాస్టారు రాసిన రూపంలో "జదీద్" లోని యా మీద గానీ, "సబ్బూర" లోని వావ్ మీద గానీ ఏమీ లేదు. గుర్తు లేని అక్షరాన్ని మా పిల్లలు పలకకుండా దాటేస్తారేమో.

ఫ్రేజర్‌టౌన్_మాస్టారు

అరబ్ దేశాల వాచకాలలో సాగదీసే అక్షరాల మీద ఏదీ పెట్టరు. ముందున్న కస్రా, దమ్మాలే సాగదీతను చెబుతాయి. "ఔలాద్" లోని వావ్ వంటిది ఫత్హా తరువాత వస్తుంది కనుక దాని మీద మాత్రం సుకూన్ రెండు పద్ధతులలోనూ తప్పదు. హాఫిజ్ గారి పద్ధతి పాటిస్తే ఒక నష్టం ఉన్నది. సాగదీసే యా మీద సుకూన్, ఆ వెంట షద్దా లేదా ఇంకో సుకూన్ వచ్చే పదాలలో రెండు సుకూన్‌లు పక్కపక్కన కనిపిస్తాయి, సరిచూసేవారికి తప్పు ఏదో సరైనది ఏదో తెలియకుండా పోతుంది.

ట్రిప్లికేన్_హాఫిజ్

సరిచూసేవారి సౌకర్యం కంటే చదివే పిల్లవాడి అలవాటు ముఖ్యమని నేను అనుకుంటున్నాను.

శివాజీనగర్_కూర్పరి

ఈ విషయం నేను తేల్చగలిగేది కాదు. పుస్తకం ఇచ్చినవారికి మొదటి పాఠాన్ని రెండు రకాలుగానూ అచ్చు తీసి పంపుతాను. వారు తేల్చేవరకు సాగదీసే అక్షరాలను ఖాళీగానే ఉంచుతున్నాను, ఎందుకంటే తరువాత చేర్చడం సులభం, తీసేయడమే కష్టం.

ఇందిరానగర్_యూనికోడ్

తీసేయడం కూడా కష్టం కాదు. కస్రా తరువాత యా, దాని మీద సుకూన్ ఉన్న చోట్లు, దమ్మా తరువాత వావ్, దాని మీద సుకూన్ ఉన్న చోట్లు వెతికితే చాలు. రెండు సాగదీతలకూ ఇవి:

```
\u0650\u064A\u0652
\u064F\u0648\u0652
```

షద్దా ఉన్న అక్షరం తరువాత సాగదీత వచ్చే "సబ్బూర" వంటి పదాలలో, NFC అయిన ఫైలులో దమ్మాకూ వావ్‌కూ మధ్య షద్దా వచ్చి కూర్చుంటుంది, అప్పుడు పై రెండో వరుస దానిని పట్టుకోదు. షద్దా ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని చెప్పే `\u0651?` ను మధ్యలో చేర్చుకోండి.